కిన్నరీ బెన్‌కు మూడు మాటలు

నాకు గొంతు పెద్దది. సూరత్‌ల ఈ కోసాడ్ క్వార్టర్లల్ల ఎవలినడిగినా చెప్తరు. వినోద మాట్లాడితే కింది అంతస్తుల కుక్క లేచి కూసుంటదని పక్కింటామె నవ్వుతది. నవ్వనీ. ఇన్నేండ్లు సాంచెల కాడ, బట్ట నేసే ఆ మరమగ్గాల సప్పుడుల పనిచేసిన మనిషితోని కాపురం చేస్తే ఎవలి గొంతైనా గిట్లనే అయితది. పెండ్లయిన కొత్తల నేను మెల్లగనే మాట్లాడేదాన్ని. రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది, మూడుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఇగ ఒకటేసారి గట్టిగ చెప్పుడు అలవాటైంది. సాంచెల మొగోళ్లందరు గంతే, జర గట్టిగ చెప్పాలె అనుకున్న. అంతకు మించి నేనేం ఆలోచన చెయ్యలే.

మా ఆయన పేరు రఘుపతి. సిరిసిల్ల దిక్కు నుంచి మీసాలు రాని వయసుల సూరత్ వచ్చిండు. అమ్రోలి కాడ ఒక కార్ఖానాల సాంచెలు నడుపుతడు. మాకు ఒక్కతే బిడ్డ, సుమన. పుట్టింది ఈడనే, పెరిగింది ఈడనే. మాతోని తెలుగు, దోస్తులతోని హిందీ, కూరగాయల బండి కాడ గుజరాతీ. పాలిటెక్నిక్‌ల డిప్లొమా చేసింది, బట్టకు రంగులేసే చదువు. వాళ్ల బాపు నేసేది తెల్లబట్ట, దానికి రంగేసుడు బిడ్డ నేర్సుకున్నది. ఆ మాట ఆయన ఎన్నిమార్లు చెప్పుకున్నడో! కార్ఖానాల చెప్పిండు, ఛాయ్ బండి కాడ చెప్పిండు, ఊరికి పోతే బస్సుల పక్కన కూసున్నోళ్లకు చెప్పిండు.

పాండేసరల ఒక రంగుల మిల్లు ఉన్నది. ఆ మిల్లు ల్యాబుల మనిషి కావాలెనని ఫోన్ల చూసి, సుమన ఓ సోమవారం ఈమెయిల్‌ల దరఖాస్తు పెట్టింది. ల్యాబంటే ఏందే అని అడిగిన.

"యాపారి ఒక గుడ్డముక్క తెచ్చి గిదే రంగు కావాలె అంటడమ్మా. ఏ రంగు ఎంత కలిపితే అది వస్తదో ముందుగాల చిన్న గిన్నెల, చిన్న ముక్క మీద చేసి చూడాలె. సరిగ్గ కలిసినంక పెద్ద మిషన్ల వేస్తరు. ఆ చిన్న గిన్నె పని నాది."

చెప్పేటప్పుడు దాని మొకం చూడాలె. చిన్నప్పుడు జాతరల రంగుల గాజులు చూసినప్పుడు గట్ల ఉండేది.

వారం గడిచింది. మిల్లు నుంచి ఉలుకు లేదు, పలుకు లేదు.

నేను ఇంట్ల చీరలకు రాళ్లు అంటించే పని చేస్త. సుమన పక్కన కూసుండి సాయం చేస్తది. ఆ వారం దాని చేతుల పని సాగలే. ఒక రాయి అంటించుడు, ఫోన్ చూసుడు. జిగురు ఎండిపోయి రాళ్లు ఊడుతుంటే నాకు ఒళ్లు మండింది. "ఫోన్‌ల ఏం గుడ్లు పెట్టిందే గన్నిసార్లు చూస్తున్నవు!" అని అరిసిన. దాని కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అయ్యో నా నోరు పడ, ఎందుకన్ననో అని నాకే బాధయింది.

దాని గాబరకు కారణమున్నది. సలాబత్‌పురాల ఒక చీరల దుకాణంల కౌంటరు కాడ నిలబడే పని ఖాళీ ఉన్నది. ఆ సేటు మంచోడే. కానీ ఈ మంగళవారం సాయంత్రంలోపల వస్తవో రావో చెప్పాలె, లేకపోతే ఇంకో పిల్ల ఉన్నది అన్నడు. చీరలు మడతపెట్టుడు, ఇప్పి చూపించుడు, మల్ల మడతపెట్టుడు. పనిల తప్పేం లేదు, నేను చేసేది మాత్రం కలెక్టరు కొలువా? కానీ ఒక్కసారి ఆ కౌంటరెనుక నిలబడ్డదంటే ఇగ ల్యాబు మొకం చూడదు, మూడేండ్ల చదువు అటకెక్కుతది. అది దానికి ఎరుకే, నాకూ ఎరుకే.

ఆదివారం మొండయ్య మామ వచ్చిండు. మా మనిషే, కింది అంతస్తుల ఉంటడు. పాండేసర మిల్లులల్ల పనిచేసి దిగిపోయిండు. మా సూరత్ తెలుగోళ్లల్ల ఎవలికి పని కావాలన్నా ఆయననే అడుగుతరు. నేనే పిలిపించిన.

"ఈమెయిలు గీమెయిలు ఎవలు చూస్తరు బిడ్డా?" అన్నడు మామ. "రేపు పొద్దున నలుగురం మనోళ్లం తెల్ల అంగీలేసుకోని గేటు కాడికి పోదాం. వాచ్‌మెన్ నాకు దోస్తే. లోపల సూపర్‌వైజరు మనం అంటే మర్యాద ఇస్తడు. ఒక మిఠాయి డబ్బా పట్టుకోని పిల్లను ఎంబడి తీసుకపోతే అయిపాయె."

సాంచెల పని గట్లనే దొరుకుతది మరి. మా ఆయనకు గట్లనే దొరికింది, మా అన్నకు గట్లనే దొరికింది. తెలిసినోడు ఎంబడి పోవాలె, గేటు కాడ నిలబడాలె, సేటు చూసి తల ఊపాలె. నాకు మామ చెప్పింది మస్తు నచ్చింది.

సుమన మర్యాదగనే చెప్పింది, గట్టిగనే చెప్పింది. "వద్దు తాతా. నేను పేపరు పెట్టింది హెచ్ఆర్ మేడంకు, కిన్నరీ బెన్ ఆమె పేరు. నలుగురు గేటు కాడికి పోతే ఆమె మీద బరువేసినట్టుంటది. నేనే ఆమెకు ఇంకోమాటు రాస్త."

అప్పటిదాకా గోడకు ఒరిగి కూసున్న మా ఆయన బిడ్డ పెదవుల దిక్కే చూస్తున్నడు. ఒక్కసారి లేచిండు.

"రాయకు," అన్నడు.

అందరం ఆయన దిక్కు చూసినం.

"రెండోసారి అడుగుడు బాగుండదు. కార్ఖానాల ఒకసారి అడిగితే మనిషంటరు, రెండోసారి అడిగితే అడుక్కునెటోడంటరు. ఇయ్యాలనుకుంటే వాళ్లే పిలుస్తరు. ఆ దుకాణం పనికే పో."

నాకు చిత్రమనిపించింది. నా బిడ్డ రంగుల ఇంజినీరు అని ఊరంతా చెప్పుకున్న మనిషి దుకాణానికి పో అంటడేంది! ఆ వారం నుంచి ఆయన అన్నం గూడ సరిగ్గ తింటలేడు. అడిగితే ఎండ అన్నడు. ఇప్పుడు బిడ్డ మొకం దిక్కు చూడకుంట చెప్పులేసుకోని కిందికి పోయిండు. మొండయ్య మామ నోరు నొక్కుకున్నడు.

సోమవారం పొద్దున ఆయన ఇంకా డ్యూటీకి పోలే. సుమన చాప మీద కూసుండి ఫోన్‌ల రాసుకుంటున్నది. నేను పక్కన చేరిన. ఇంగ్లీషుల రాస్తున్నది, నాకు తెలుగుల చెప్పుమన్న.

"మా పరిస్థితి రాయి," అన్న. "మా బాపు సాంచెల కాడ కష్టపడ్డడని రాయి. మా అమ్మ రాళ్లు అంటించి చదివించిందని రాయి. వారం నుంచి అన్నం తింటలేనని రాయి. మీరే దిక్కని రాయి. ఆమె గూడ ఆడిదే గదా, కడుపు కరుగదా?"

"అమ్మా, ఆమె కడుపు కరగాలెనని రాస్తలేను. వారమైంది, నా పేపరు ఏ కాడికి వచ్చిందని అడుగుతున్న, అంతే. ఆమెకు దినాం ఎన్నో ఈమెయిళ్లు వస్తయి. ఫోన్ తెర మీద ఒక్క చూపుల అయిపోవాలె. మూడే వాక్యాలు."

"మూడేనా! పిసినారి వాళ్లు గూడ ఇంకో రెండు ఎక్కువ రాస్తరు."

అది నవ్వింది. వారంల మొదటిసారి నవ్వింది. ఎడమచేతి వేళ్లు చాపి, ఒక్కొక్కటి మడిచి చెప్పింది.

"మొదటిది, సంగతేంది? పోయిన సోమవారం ల్యాబ్ అసిస్టెంటు పనికి దరఖాస్తు పెట్టిన సుమనను, దాని గురించే రాస్తున్న. ఇది లేకపోతే ఎవలో ఏందో ఆమె ఎతుక్కోవాలె. రెండోది, నేను ఎట్లున్న? ఆ పని చెయ్యాలని నాకు ఇంకా ఇష్టమున్నది, కాలేజీల రంగు కలిపే పని చేసి చూపించిన. మూడోది, నాకేం కావాలె? తరువాత ఏం జరుగుతదో వీలైనప్పుడు చెప్పుండ్రి, ఇంకేమన్న కాగితాలు కావాల్నంటే పంపుత, ధన్యవాదాలు. గంతే."

"ఎందుకు జవాబియ్యలే అని అడగవా?"

"అడగ. అడిగితే తప్పు పట్టినట్టుంటది. ఆమెకు ఏం పనులున్నయో నాకెరుకనా?"

కొత్తగ రాయలే, పోయిన వారం పంపిన ఈమెయిల్ కిందనే జవాబులెక్క రాసింది. గట్లయితే పాత పేపర్లన్ని దాని కిందనే కనబడుతయంట. ఆఫీసు తెరిచే యాళ్ల చూసి పంపింది. నేను తలెత్తి చూస్తే మా ఆయన తలుపు కాడ టిఫిన్ డబ్బా పట్టుకోని నిలబడి ఉన్నడు. బిడ్డ చేతివేళ్ల దిక్కే చూస్తున్నడు. నేను చూసేసరికి తల తిప్పుకోని మెట్లు దిగిండు.

మధ్యాన్నం అన్నం కాడ ఉండంగ సుమన ఫోన్ టింగుమన్నది. చదివింది. మొకం తెల్లగయింది.

"ఏందే? లేదన్నరా?"

అది మెల్లగ చదివి చెప్పింది. కిన్నరీ బెన్ మంచిగనే రాసింది. 'మీరు రాసినందుకు సంతోషం. మీ దరఖాస్తుల ఉన్న నంబరుకు పోయిన వారం రెండుసార్లు ఫోన్ చేసినం. ఎత్తినాయన మాకు వద్దు అని పెట్టేసిండు. మీకు ఇష్టం లేదేమోనని పేరు పక్కకు పెట్టినం. ఇంటర్వ్యూలు రేపటితోని అయిపోతయి. ఇష్టముంటే రేపు పదకొండింటికి రండి.'

"ఏ నంబరు ఇచ్చినవే?"

"బాపుది." అన్నది. "ఒకటో తరగతి నుంచి ఏ కాగితం మీదనైనా బాపు నంబరే గదమ్మా. చేతికి అదే అలవాటు. ఆలోచించకుంటనే రాసిన."

నా ఒళ్లంత నిప్పయింది. రేపు ఇంటర్వ్యూ ఉన్నదన్న సంతోషం గూడ మనసుకు ఎక్కలే. వద్దన్నడా? బిడ్డకు కొలువిస్తమని ఫోన్ చేస్తే వద్దన్నడా? మీద నుంచి రాయకు అంటడా? ఎందుకు? ఆడపిల్ల మిల్లుకు పోవద్దనా? మొకం మీద చెప్పే ధైర్యం లేక దొంగచాటుగ తెంపిండా? సాయంత్రం దాకా ఒక్క రాయి అంటించలే. సుమన నన్ను పట్టుకోని, "అమ్మా, ముందుగాల అడుగుదాం, అరువకు" అని బతిమాలుతనే ఉన్నది.

ఏడు దాటినంక ఆయన వచ్చిండు. కాళ్లు కడుక్కోనియ్యలే నేను. తలుపు కాన్నే నిలబెట్టిన.

"మిల్లోళ్లు ఫోన్ చేసిండ్రా నీకు? వద్దన్నవా? బిడ్డ నోట్ల మన్ను కొడ్తవా నువ్వు! తండ్రివేనా అసలు!"

నేను అరిసిన అరుపుకు ఎదురింటోళ్లు తలుపు తీసిండ్రు. ఆయన నా నోటి దిక్కు చూసిండు, బిడ్డ దిక్కు చూసిండు. బిడ్డ చేతుల ఫోన్ చూసిండు. అర్థమైంది ఆయనకు. టిఫిన్ డబ్బా కింద పెట్టి, లోపలికొచ్చి, తలుపు దగ్గరేసి, గోడ మొదట్ల కూలవడ్డట్టు కూసున్నడు.

"ఫోన్ వచ్చింది," అన్నడు. "మొదటిసారి ఎవలో ఆడామె అని తెలిసింది, మాట తెలువలే. అప్పిస్తం, కార్డిస్తం అని చేసేటోళ్లనుకున్న. నహీ చాహియే, మాకు వద్దు అని పెట్టేసిన. రెండోసారి అదే నంబరొచ్చింది. అప్పుడు నా పానం కొట్టుకున్నది, ఇది బిడ్డదేమోనని. బయటికురికిన. చెవికి ఒత్తి పెట్టుకున్న. నొప్పి లేసేదాకా ఒత్తిన. గుయ్యిమని ఒకటే సప్పుడు. ఆ చెవికి పెట్టిన, ఈ చెవికి పెట్టిన. ఏం ఇనబడలే."

"పక్కనోళ్లకు ఇయ్యకపోయినవా?" అన్న నేను. నా గొంతు అప్పటికే దిగిపోయింది.

"పక్కన లింగం ఉండె."

లింగం అంటే వాళ్ల మాస్టరు. ఎవలికి ఎన్ని సాంచెలియ్యాల్నో చూసేది ఆయననే. చెవులు పోయినయంటే మనిషి ముసలోడైండంటరు, సాంచెలు తగ్గిస్తరు, తరువాత ఊరికి పొమ్మంటరు. నిరుడు ఒకాయనను గట్లనే పంపిండ్రు.

"కార్ఖానాల చెవులతోని పనేమున్నది?" అన్నడు ఆయన, తనకు తనే చెప్పుకున్నట్టు. "ఆడ ఎవలికీ ఏం ఇనబడది. అందరం చేతులతోనే మాట్లాడుకుంటం. అందుకే ఇన్నేండ్లు దాసిన. ఇంట్ల మీ మూతులు చూసి తెలుసుకుంట. ఫోన్‌ల మూతి కనబడదు గదా. లింగం చూస్తున్నడని నహీ నహీ అని పెట్టేసిన. మల్ల ఇంటికొచ్చి చెప్పుదామనుకున్న. దినాం అనుకున్న. నా బిడ్డ కొలువు నా చేతుల్నే పోగొట్టిన అని ఏ నోటితోని చెప్పాలె?"

అట్ల అని మొకం చేతులల్ల పెట్టుకున్నడు. మా ఆయన ఏడ్సుడు నేను అప్పటిదాకా చూడలే.

నాకు అప్పుడు ఒక్కొక్కటి గుర్తుకొచ్చింది. ఊరి నుంచి ఫోనొస్తే "నువ్వే మాట్లాడు, నాకు పనున్నది" అని నా చేతుల పెట్టేటోడు. నేను అటు తిరిగి మాట్లాడితే పలుకకపోయేటోడు, మొండి మనిషని తిట్టేదాన్ని. వాళ్ల అవ్వ పానం మీదికొచ్చినప్పుడు ఫోన్‌ల ఆమె గొంతు వినమంటే, చెవికి పెట్టుకోని ఊ ఊ అన్నడు. ఆ ముసలామె చివరి మాట ఆయనకు చేరలే. ఒక ఇంట్ల ఉండి, ఒక కంచంల తిని, నాకు తెలువకపాయె. అరిసిన నోటిని ఏం చేసుకోవాల్నో నాకు సమజ్ కాలే.

సుమన పోయి ఆయన ముందట కూసున్నది. గడ్డం పట్టి మొకం పైకెత్తి, తన పెదవులు కనబడేటట్టు మెల్లగ చెప్పింది. "కొలువు పోలేదు బాపూ. రేపు రమ్మన్నరు. నేను మల్ల రాసిన గదా, అందుకే పిలిచిండ్రు."

రెండోసారి చెప్తే ఆయనకు అర్థమైంది. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టిండు, తీసిండు.

మంగళవారం సుమన ఒక్కతే పోయింది, మొండయ్య మామను గూడ రానియ్యలే. సాయంత్రం వచ్చి అన్ని చెప్పింది. ఒక నీలిగుడ్డ ఇచ్చి ఇదే రంగు చెయ్యుమన్నరంట. మొదటిసారి జర ముదురైందంట, రెండోసారి దగ్గరికి వచ్చిందంట. తరువాత కిన్నరీ బెన్ అడిగిందంట, "మరి ఫోన్‌ల వద్దన్నదెవరు?" అని.

"ఏం చెప్పినవే?"

"నెట్‌వర్క్ లేదని చెప్పుదామని నోటి దాకా వచ్చింది." సుమన కిందికి చూసింది. "చెప్పలేకపోయినమ్మా. మా బాపు అన్న. సాంచెల కాడ పనిచేసి చెవులు ఇనబడవు, తప్పు నంబరు ఇచ్చింది నేనే అన్న."

"ఆమె ఏమన్నది?"

"నీ నంబరు రాసియ్యి అన్నది. రెండు మూడు దినాలల్ల చెప్తమన్నది."

మల్ల ఎదురుచూసుడు. అదే సాయంత్రం సలాబత్‌పురా సేటుకు అది రానని చెప్పేసింది. ఆ ధైర్యం చూసి నాకు భయమైంది. ఉన్నదొకటి వదులుకున్నది, రాబోయేది వస్తదో రాదో! కానీ ఈసారి నేను ఒక్కమాట అనలే.

శుక్రవారం మా ఆయన డబ్బా మరిచిపోయిండు. మధ్యాన్నం నేనే పట్టుకోని అమ్రోలి పోయిన. ఆ గల్లీ మొదట్ల అడుగు పెడ్తేనే కాళ్ల కింద నేల అదురుతది. అన్ని షెడ్లల్ల సాంచెలు టకటక టకటక, ఆగవు. బయటి మనిషికి జరసేపట్ల తలనొప్పి లేస్తది. అందుకే లోపల చేతులే నోళ్లు. వేళ్లు నోటి కాడ పెడితే అన్నం. పొట్ట మీద గుండ్రంగ రాస్తే సేటు వచ్చిండని. మోకాలు కాడ అరచెయ్యి పెడితే బిడ్డ. రెండు పిడికిళ్లు ముందుకు వెనుకకు ఆడిస్తే సాంచె. కొత్తోడికి పని దొరికితే వాని దిక్కు చూపించి గట్లనే ఆడిస్తరు. ఇవన్ని ఆయన పెండ్లయిన కొత్తల నన్ను నవ్విచ్చెతందుకు చేసి చూపించేటోడు.

నేను రోడ్డు ఇవతల బండ్లు పోయేదాకా ఆగిన. అవతల కార్ఖానా మెట్ల మీద నలుగురైదుగురు బీడీలు తాగుతున్నరు. లింగం నడుమ నిలబడ్డడు. మా ఆయన కొంచెం దూరంగ కూసున్నడు. ఉన్నట్టుండి అంగీ జేబు మీద చెయ్యేసిండు. ఫోన్ జేబుల అదిరినట్టున్నది. తీసి చూసిండు. ఆ నంబరు చూసి ఆయన ఎట్ల లేచి నిలబడ్డడో నాకు ఇవతలికే తెలిసింది. సుమన కొత్త నంబరు రాసిచ్చినా, వాళ్ల కాడ పాతదే ఉన్నట్టున్నది.

నేను అరిసిన. "ఆగు! నేనొస్తున్న, ఎత్తకు!" నా అంత గొంతు గూడ ఆ సాంచెల సప్పుడుల కలిసిపోయింది. నడుమ లారీ అడ్డమొచ్చింది. దేవుడా, మల్ల పెట్టేస్తడు, ఇగ అయిపోయిందనుకున్న.

లారీ పోయింది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకోలే. రెండు చేతులతోని పట్టుకోని నేరుగ లింగం ముందటికి పోయిండు. చెవులు పోయినోళ్ల గొంతు ఎంత ఉంటదో వాళ్లకు తెలువదు. సాంచెల సప్పుడు మీదికెల్లి రోడ్డు ఇవతల నిలబడ్డ నాకు ఇనబడ్డది. బీడీలు తాగేటోళ్లందరికీ ఇనబడ్డది.

"ఇది నా బిడ్డ కొలువు ఫోను. నాకు చెవులు ఇనబడవు. జర నువ్వు మాట్లాడు."

లింగం నోట్ల బీడీ అట్లనే ఉన్నది. తరువాత బీడీ పారేసి ఫోన్ తీసుకున్నడు. ఇంకో చెవి వేలుతోని మూసుకోని, సప్పుడు తక్కువున్న గోడ మూలకు ఉరికిండు. హిందీల మాట్లాడుతున్నడు, తల ఊపుతున్నడు. మా ఆయన వెనుకనే పోయి, లింగం మూతి దిక్కే చూసుకుంట నిలబడ్డడు. చేతులు రెండు ముందట కట్టుకున్నడు. మొదటిసారి పని అడుగుతందుకు సేటు ముందట నిలబడ్డ పిలగానిలెక్క ఉన్నడు.

నేను రోడ్డు దాటిన.

లింగం ఫోన్ కిందికి దించిండు. నోరు తెరువలే. మోకాలు కాడ అరచెయ్యి పెట్టిండు. రెండు పిడికిళ్లు ఎత్తి ముందుకు వెనుకకు ఆడించిండు. ఇంకోసారి ఆడించిండు, ఈసారి నవ్వుకుంట.

మా ఆయన తానే ఆ పిడికిళ్లు ఆడించి చూసిండు, నిజమేనా అన్నట్టు. లింగం తల ఊపి, "సోమవారం నుంచి రమ్మన్నరొదినా" అని నా దిక్కు తిరిగి అరిసిండు. తరువాత మా ఆయన భుజం మీద చెయ్యేసిండు. ఆ చెయ్యికి అర్థమేందో, రేపు సాంచెలు తగ్గిస్తడో, ఉంచుతడో నాకు తెలువది. ఇప్పటికీ తెలువది. ఆ భయం నా కడుపుల ఉన్నది, ఉండనీ.

ఆయన నన్ను అప్పుడు చూసిండు. కండ్లనిండ నీళ్లు. నేను అలవాటు చొప్పున గట్టిగ అరువబోయిన, బిడ్డకు కొలువొచ్చిందయ్యా అని. నోటి దాకా వచ్చిన అరుపును మింగిన. డబ్బా చంకల పెట్టుకోని, వేళ్లు అయిదు కలిపి నోటి కాడ పెట్టి చూపించిన. ఆయన కండ్లు తుడుచుకోని, వచ్చి మెట్టు మీద నా పక్కన కూసుండి తిన్నడు.